ముగ్గురు మూడు రకాలుగా చెప్పినప్పుడు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో స్కూల్ కౌన్సెలర్లున్నారు, టీచర్లున్నారు, వెనక వరసల్లో కొందరు తల్లిదండ్రులు కూడా కనిపిస్తున్నారు. మీ అందరి చేతుల మీదుగా ఏదో ఒక రోజు ఒక ఫారం వెళ్లే ఉంటుంది. పిల్లవాడి గురించి పాతికో ముప్పయ్యో వాక్యాలు, ఒక్కోదాని పక్కన మూడు గళ్లు: నిజం కాదు, కొంతవరకు నిజం, కచ్చితంగా నిజం. తల్లి ఒకటి నింపుతుంది, టీచర్ ఒకటి, పిల్ల ఒకటి. మూడూ పక్కపక్కన పెడితే ఒకే పిల్ల గురించి రాసినవేనా అనిపిస్తుంది. ఈరోజు మాట్లాడబోయేది ఆ క్షణం గురించే.

ఒక అమ్మాయితో మొదలుపెడతాను. శ్రావణి అనుకుందాం. ఇద్దరు ముగ్గురు పిల్లల కేసులు కలిపి, గుర్తుపట్టే వివరాలు తీసేసి తయారు చేసుకున్న అమ్మాయి. పదిహేనేళ్లు, పదో తరగతి, ప్రైవేటు స్కూలు, సాయంత్రం స్టడీ అవర్స్ అయ్యాక ఏడున్నరకు ఇంటికి చేరుతుంది. "మాట వినట్లేదండీ, ఎదురు తిరుగుతోంది, యూట్యూబ్‌లో చూశాను, ఏడీహెచ్‌డీ ఏమో" అని తల్లి తీసుకొచ్చింది. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస, కుదురు నిలవని సమస్య. స్కూల్లో క్లాస్ టీచర్ మాత్రం "ఆ పిల్లకేం ప్రాబ్లమ్ మేడమ్, మా క్లాసులో అంత బుద్ధిమంతురాలు లేదు" అన్నారు.

మేము వాడిన ఫారం ఎస్‌డీక్యూ. 1997లో రాబర్ట్ గుడ్‌మన్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్ ప్రచురించినది. పాతిక వాక్యాలు. అయిదేసి చొప్పున అయిదు గుంపులు: దిగులు-భయాలు, ప్రవర్తన, చంచలత్వం-ఏకాగ్రత, తోటివాళ్లతో ఇబ్బందులు, చివరిది ఇతరులకు సాయపడే గుణం. మొదటి నాలుగూ కలిపితే మొత్తం ఇబ్బందుల స్కోరు, సున్నా నుంచి 40 దాకా. పదకొండేళ్లు దాటిన పిల్లలు తమ ఫారం తామే నింపుకోవచ్చు.

శ్రావణి స్కోర్లు ఇవి. తల్లి ఫారంలో 19. టీచర్ ఫారంలో 6. అమ్మాయి తన గురించి తను నింపినదాంట్లో 17.

ఇక్కడ చాలామంది చేసే పని మూడూ కూడి మూడుతో భాగించడం. 14 వస్తుంది. ఆ 14ను ఇప్పుడు ఏ పట్టికలో చూస్తారు? ఎస్‌డీక్యూ మొదటి పట్టికల్లో తల్లిదండ్రుల ఫారానికి 13 దాకా మామూలు, 14 నుంచి 16 సరిహద్దు, 17 నుంచి ఎక్కువ. టీచర్ ఫారానికి 11 దాకా మామూలు, 16 నుంచి ఎక్కువ. పిల్లల సొంత ఫారానికి 15 దాకా మామూలే, 20 వస్తేనే ఎక్కువ. గీతలు మూడు చోట్లా వేరు, ఎందుకంటే పిల్లలు తమ గురించి తాము సహజంగానే ఎక్కువ మార్కులు వేసుకుంటారు, టీచర్లు తక్కువ వేస్తారు. అంటే ఆ సగటు ఎవరి ఫారానికీ చెందదు. కిలోలూ లీటర్లూ కూడినట్టు ఉంటుంది.

ఇంకొందరు ఓటింగ్ పెడతారు. "తల్లి ఒక్కతే ఎక్కువంటోంది, మిగతా ఇద్దరూ గీత దాటలేదు, కాబట్టి తల్లిదే అతి." ఇది సగటు కంటే ప్రమాదం. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు ఒక భయం తీసేయాలి. ఫారాలు కలవకపోవడం మీ తప్పు కాదు, ఫారం తప్పూ కాదు. 1987లో థామస్ ఆకెన్‌బాక్, ఆయన సహచరులు 119 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. తల్లీ తండ్రీ లాంటి ఒకే స్థానంలో ఉన్న ఇద్దరి మధ్య పొంతన దాదాపు 0.60 వచ్చింది. తల్లిదండ్రులూ టీచర్లూ లాంటి వేర్వేరు స్థానాల్లో ఉన్నవాళ్ల మధ్య 0.28. పిల్లల మాటకూ పెద్దల మాటకూ మధ్య 0.22. పూర్తిగా ఏకీభవిస్తే అది 1 అవుతుంది. 2015లో ఆండ్రెస్ డి లాస్ రేయెస్ బృందం 341 అధ్యయనాలతో మళ్లీ చూస్తే మొత్తం మీద వచ్చింది కూడా 0.28. దాదాపు ముప్పయ్యేళ్లలో ఫారాలు మారాయి, ఈ అంకె మారలేదు. అరుపులు, కొట్లాటల్లాంటి బయటికి కనిపించే వాటి మీద కాస్త ఎక్కువ ఏకీభవిస్తారు, దిగులు లాంటి లోపలి వాటి మీద తక్కువ. కాబట్టి మూడు ఫారాలూ ముచ్చటగా కలిసొస్తే నాకైతే అప్పుడే అనుమానం వస్తుంది, ఒకరు నింపింది చూసి ఇంకొకరు నింపారేమోనని.

ఆ అనుమానానికి శ్రావణి కేసులోనే కారణం ఉంది. ఇందాక చెప్పిన 17 ఆ అమ్మాయి రెండోసారి నింపిన ఫారంలోది. మొదటి ఫారం ఇంటికి పంపాం. అది 10 స్కోరుతో తిరిగొచ్చింది. 10 అంటే మామూలు. ఎవరైనా అక్కడితో ఫైలు మూసేస్తారు. కానీ సాయపడే గుణం దగ్గర సున్నా ఉంది. తమ్ముడికి రోజూ జడివానలో కూడా గొడుగు పట్టుకెళ్లి ఇచ్చే పిల్లకి సున్నా ఏమిటి? ఫారం తెరిచి చూస్తే పాతిక వాక్యాలకూ "నిజం కాదు" అని ఒకే నిలువు గీతలా టిక్కులు.

ఇది గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది. ఎస్‌డీక్యూలో ఇబ్బందుల వాక్యాలు ఇరవై ఉంటే వాటిలో అయిదు తిరగేసి రాసినవి. "సాధారణంగా చెప్పిన మాట వింటాను", "నాకు ఒక మంచి స్నేహితుడైనా ఉన్నాడు" లాంటివి. వీటికి "నిజం కాదు" అంటే రెండేసి మార్కులు పడతాయి. అన్నిటికీ కళ్లు మూసుకుని "నిజం కాదు" కొడితే సరిగ్గా 10 వస్తుంది, సాయపడే గుణం సున్నా అవుతుంది. బయటికి మామూలు పిల్లలాగే కనిపిస్తుంది. ఈ రెండు అంకెలూ జంటగా కనబడితే ఆ ఫారం చదవకుండా నింపిందేమోనని అనుమానించాలి.

అడిగితే తేలిందేమిటంటే, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నింపింది, అమ్మ వెనకాలే నిలబడింది. రెండోసారి మా గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, ఏం చూపిస్తాం, ఎవరికి చూపించం అనేది ముందే చెప్పి నింపమన్నాం. ప్రాణాపాయం లాంటిది ఉంటే మాత్రం పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తుందని కూడా అప్పుడే చెప్పాం. పది నిమిషాలు పట్టింది. 17 వచ్చింది.

ఇక మొత్తం స్కోరు పక్కన పెట్టి లోపలికి వెళదాం. తల్లి ఇచ్చిన 19లో దిగులు-భయాలు 4, ప్రవర్తన 5, చంచలత్వం 6, తోటివాళ్లతో ఇబ్బంది 4. శ్రావణి ఇచ్చుకున్న 17లో దిగులు-భయాలే 8, ప్రవర్తన 2, చంచలత్వం 4, తోటివాళ్లు 3. టీచర్ ఇచ్చిన 6లో వరసగా 1, 0, 3, 2.

చూశారా, తల్లీకూతుళ్ల మొత్తాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, కానీ ఇద్దరూ ఒకే మాట చెప్పడం లేదు. తల్లి ఫారంలో గీత బాగా దాటింది ప్రవర్తన. కూతురి ఫారంలో గీత దాటింది దిగులు ఒక్కటే. సొంత ఫారంలో దిగులుకు 7 వస్తేనే ఎక్కువ కింద లెక్క, ఆ పిల్లది 8. మొత్తం 17 దగ్గర సరిహద్దులో ఆగిపోవడంతో ఆ 8 దాని వెనక దాక్కుంది. ఓటింగ్ పెట్టి ఉంటే ఈ అమ్మాయిని ఇంటికి పంపేసేవాళ్లం. ఇందాక ప్రమాదం అన్నది ఇందుకే.

ఇంకో మెట్టు దిగి, వాక్యాల దగ్గరికే వెళ్లాలి. ప్రవర్తన కింద అయిదు వాక్యాలు: కోపం తెచ్చుకోవడం, మాట వినడం, కొట్లాడటం, అబద్ధమాడటం, దొంగతనం. తల్లి కోపానికి రెండు వేసింది, మాట వినడంలేదని రెండు, అబద్ధానికి ఒకటి. కొట్లాట సున్నా, దొంగతనం సున్నా. "అబద్ధం ఏమిటమ్మా?" అని అడిగాను. "బాక్సు తిన్నానంటుందండీ. డస్ట్‌బిన్‌లో పెరుగన్నం కనిపిస్తుంది." కోపం ఎప్పుడు? "బడి నుంచి రాగానే. బ్యాగు విసిరేస్తుంది. ఏమైందే అంటే తలుపేసుకుంటుంది." ఆదివారం సాయంత్రం నుంచి ఇంకా ఎక్కువట. సెలవుల్లో? తల్లి కాస్త ఆలోచించి, "దసరా సెలవుల్లో బానే ఉందండీ, నాతో పాటు కూర్చుని గారెలు కూడా వేసింది" అంది.

ఇప్పుడు ఆ 5 మార్కుల ప్రవర్తన సమస్య నాకు వేరేలా కనిపించడం మొదలైంది. కోపం, తినకపోవడం, తలుపేసుకోవడం, ఇవన్నీ బడికి అటూ ఇటూ ఉన్న గంటల్లోనే ఉన్నాయి.

తల్లీకూతుళ్లు ఒకే జవాబిచ్చిన వాక్యం ఒకటుంది. తలనొప్పి, కడుపునొప్పి తరచూ వస్తాయా అన్నదానికి ఇద్దరూ రెండేసి వేశారు. దిగులుగా ఉంటుందా, ఎక్కువగా ఆందోళన పడుతుందా అన్న వాటికి తల్లి ఒకటేసి, కూతురు రెండేసి. తల్లి అబద్ధమాడటం లేదు, అతి చేయడమూ లేదు. కడుపునొప్పి కనిపిస్తుంది, మాత్ర అడుగుతుంది. దిగులు మాత్ర అడగదు.

మరి టీచర్ సంగతి? ఆవిడ దిగులు కింద వేసిన ఒకే ఒక్క మార్కు, కొత్త పరిస్థితుల్లో కంగారుపడుతుంది అన్నదానికి. ఆవిడను తప్పుపట్టడం తేలిక. కానీ ఆవిడ ఉన్న చోట నిలబడి చూడండి. సెక్షన్‌లో నలభై అయిదు మంది. పీరియడ్ నలభై అయిదు నిమిషాలు, అందులో సిలబస్ పరుగు. వెనక బెంచీలో ఇద్దరు కుర్రాళ్లు రోజూ ఆవిడ ప్రాణం తీస్తారు. ఆ ఇద్దరినీ కొలబద్దగా పెట్టుకుంటే నోరెత్తకుండా, తొంభై మార్కులు తెచ్చుకునే పిల్ల ఎక్కడ కనిపిస్తుంది? తల్లి కొలబద్ద వేరు. ఏడో తరగతిలో గలగలా మాట్లాడిన శ్రావణితో పోల్చుకుంటోంది. శ్రావణి తనను పక్క బెంచీ స్నేహితురాలితో పోల్చుకుంటోంది. ఫారం మీద ప్రశ్న ఒకటే, పోలిక ముగ్గురిదీ మూడు రకాలు.

అందుకని ఫారాలు కలవనప్పుడు "ఎవరు నిజం చెబుతున్నారు?" అని నేను అడగను. "ఎవరికి ఏది చూసే వీలుంది?" అని అడుగుతాను. దీనికి ఒక ప్రయోగం ఆధారం ఉంది. 2009లో డి లాస్ రేయెస్, వేక్‌స్లాగ్, వాళ్ల సహచరులు బడికి వెళ్లకముందు వయసు పిల్లలను ల్యాబ్‌లో గమనించారు, ఒకసారి తల్లి లేదా తండ్రితో ఉన్నప్పుడు, ఇంకోసారి కొత్త పెద్ద మనిషితో ఉన్నప్పుడు. తల్లిదండ్రులు మాత్రమే మొండి అన్న పిల్లలు ల్యాబ్‌లోనూ తల్లిదండ్రుల దగ్గరే మొండికేశారు. టీచర్లు మాత్రమే మొండి అన్నవాళ్లు ఆ కొత్త మనిషి దగ్గర మొండికేశారు. అంటే ఇద్దరూ చూసింది చూసినట్టే చెప్పారు. పిల్లలే చోటును బట్టి మారారు. వాళ్లు చిన్నపిల్లలు, పదిహేనేళ్ల వాళ్ల మీద దీన్ని యథాతథంగా రుద్దలేం, అయినా ఎలా ఆలోచించాలో నేర్పుతుంది.

ఈ సందర్భంలో మన రెసిడెన్షియల్ కాలేజీల గురించి ఒక మాట. ఎస్‌డీక్యూ గత ఆరు నెలల గురించి అడుగుతుంది. ఇంటర్ చదివే కుర్రాడు హాస్టల్లో ఉంటాడు, అవుటింగ్ రోజున తల్లి పులిహోర డబ్బాతో వెళ్లి రెండు గంటలు చూస్తుంది. ఆవిడ చేత ఆరు నెలల ఫారం నింపిస్తున్నాం. ఆవిడ నింపేది నిరుటి కొడుకు గురించి. అక్కడ లెక్చరర్ కంటే వార్డెన్, వార్డెన్ కంటే రూమ్‌మేట్ ఎక్కువ చూస్తారు. రూమ్‌మేట్ చేత ఫారం నింపించం, నింపించకూడదు కూడా. కానీ తల్లి ఫారంలో తక్కువ వచ్చిందని ధైర్యపడే ముందు ఆవిడ అతన్ని ఎన్ని గంటలు చూసిందో ఒక మూల రాసుకోండి.

శ్రావణి దగ్గరికి తిరిగొస్తే, ఏడీహెచ్‌డీ ప్రశ్న మిగిలింది. తల్లి చంచలత్వానికి 6 వేసింది, అది సరిహద్దు. టీచర్ 3. ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే, మానసిక వైద్యులు రోగ నిర్ధారణకు వాడే పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం లక్షణాలు పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలి, ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉండాలి. అయిదో తరగతి ప్రోగ్రెస్ కార్డులు తెప్పించాం. "శ్రద్ధగా చదువుతుంది" తప్ప ఇంకో మాట లేదు. మరి ధ్యాస నిలవకపోవడం ఎక్కడిది? నిద్ర ఎంత అని అడిగాం. రాత్రి పడుకునేసరికి ఒంటిగంట, లేచేది అయిదుకు. నిద్ర గురించి ఎస్‌డీక్యూలో ఒక్క వాక్యం లేదు. ఫారంలో లేనిది స్కోరులో రాదు, మనమే అడగాలి.

తర్వాత ఇంకో టీచర్‌తో మాట్లాడాం, తల్లి, శ్రావణి ఇద్దరి అనుమతితోనే. పైతరగతుల్లో ఒక్క టీచర్ మాట మీద ఆగకూడదు, ఎవరూ రోజంతా చూడరు. తెలుగు మేడమ్ చెప్పిన సంగతి క్లాస్ టీచర్‌కు తెలియదు. సోమవారం స్లిప్ టెస్టుకు ముందు శ్రావణి రెండు మూడు సార్లు బాత్‌రూమ్‌కు వెళుతుందట, తిరిగొచ్చాక అరచేతులు ఓణీకి తుడుచుకుంటూనే ఉంటుందట. మేడమ్ దాన్ని సమస్య అనుకోలేదు. "అందరికీ టెన్షనే కదండీ" అన్నారు.

ఆ తర్వాతే అమ్మాయితో విడిగా గంటసేపు మాట్లాడాను. ఫారం రోగ నిర్ధారణ చేయదు, ఎక్కడ తవ్వాలో చూపిస్తుంది. తవ్వితే బయటపడింది ఇది: స్కూల్లో రోజంతా బిగబట్టుకుని ఉంటుంది, భయం కనిపించకుండా. ఇంటికొచ్చాక ఆ బిగువు సడలుతుంది, అమ్మ మీద పడుతుంది. టీచర్ చూసింది బిగువు. తల్లి చూసింది సడలడం. రెండింటి మధ్యలో ఏముందో శ్రావణి ఒక్కతే చెప్పగలదు. మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారన్న భయం, కొన్ని వారాలుగా దేని మీదా ఇష్టం లేకపోవడం. ఆందోళన ముదిరి, దాని మీద దిగులు పేరుకుంటున్న స్థితి. ప్రవర్తన సమస్య కాదు, ఏడీహెచ్‌డీ కాదు.

ఆ గంటలోనే చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా అని సూటిగా అడిగాను. ఎస్‌డీక్యూలో ఆ ప్రశ్న లేదు. తల్లీ, టీచరూ అలాంటిదేమీ లేదనే అంటారు, వాళ్లకు తెలిసే వీలు తక్కువ. ఈ ఒక్క విషయంలో ఫారాల బేరీజు, పొంతనలు ఏవీ పనికిరావు. పిల్ల అవునంటే అవునే, మిగతా ఇద్దరూ కాదన్నా సరే, ఆ రోజే కదలాలి. ఆ సమయంలో మానసిక వైద్యులు అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, రోజంతా పనిచేస్తుంది. శ్రావణి "పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపించింది, కానీ ఏం చేసుకోవాలని అనుకోలేదు" అంది. ఆ మాట అమ్మకు మనం కలిసి చెబుదాం అని ఒప్పించడానికి మిగతా సమయం పట్టింది.

ఇదంతా విని పిల్లల మాటే ఎప్పుడూ ఖరారు అనుకోకండి. లోపలి బాధ విషయంలో వాళ్ల మాటకు బరువెక్కువ. పెద్దలకు తెలియకుండా చేసే పనులు, అంటే బడి ఎగ్గొట్టడం, సిగరెట్లు, వాటిలోనూ నిజాయితీగా చెబితే వాళ్లకే ఎక్కువ తెలుసు. ఏకాగ్రత దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్న కుర్రాళ్లు చాలామంది తమకేమీ లేదనే నింపుతారు. దాచడం కాదు, వాళ్లకు అలాగే అనిపిస్తుంది. ఇంట్లో, బడిలో ఇద్దరూ 8, 9 వేసి, కుర్రాడు 2 వేస్తే ఆ 2 చూసి నేను వెనక్కి తగ్గను.

తల్లి తనే దిగులుతో ఉంటే పిల్లల్ని ఎక్కువ చెడ్డగా చూపిస్తుందని ఒక వాదన ఉంది. దాని మీద పరిశోధన ఫలితాలు ఒకే దిక్కున లేవు. నిజంగానే ఆ ఇంట్లో పిల్లకూ కష్టంగానే ఉండి ఉండొచ్చు కదా. "ఆవిడ డిప్రెషన్‌లో ఉందిలే" అని తల్లి ఫారం పక్కన పడేసిన కేస్ షీట్లు చూసినప్పుడు నాకు కోపమొస్తుంది. ఆవిడ ఆరోగ్యం గురించి అడగండి, ఆవిడ మాటా వినండి.

ఇంకో పరిమితి. నేను చెప్పిన గీతలు బ్రిటన్ పిల్లలను బట్టి వేసినవి, దాదాపు పదిమందిలో ఒకరు "ఎక్కువ" కింద పడేలా. మన నలభై అయిదు మంది సెక్షన్లకూ, మన స్టడీ అవర్స్‌కూ అవి అచ్చంగా సరిపోతాయన్న హామీ లేదు. పైగా ఒక గుంపులో ఒకటి రెండు మార్కుల తేడా ఎవరి మూడ్‌ను బట్టైనా రావచ్చు, దానికి అర్థాలు వెతకొద్దు. తల్లి 4, కూతురు 8, టీచర్ 1 లాంటి తేడా వస్తేనే కూర్చుని ఆలోచించాలి.

శ్రావణికి కౌన్సెలింగ్ మొదలైంది, నిద్ర వేళలు సరిచేశాం, స్కూలువాళ్లు కొన్నాళ్లు స్లిప్ టెస్టు మార్కులు బోర్డు మీద పెట్టడం ఆపారు. మూడు నెలల తర్వాత మళ్లీ ఫారాలు ఇచ్చాం. ఈసారి ఇచ్చింది తర్వాతి దశ ఫారం, అది గత నెల గురించే అడుగుతుంది. శ్రావణి దిగులు 8 నుంచి 5కు తగ్గింది. తల్లి ఫారంలో ప్రవర్తన 5 నుంచి 2కు వచ్చింది. క్లాస్ టీచర్ ఫారంలో దిగులు 1 నుంచి 4కు పెరిగింది.

తల్లి కంగారుగా ఫోన్ చేసింది, "ఇంట్లో బాగుంటే బడిలో పాడవుతోందా అండీ?" అని. క్లాస్ టీచర్‌ను అడిగాను. ఆవిడ నవ్వి, "ఇప్పుడు చూస్తున్నానండీ" అన్నారు. "నిన్న టెస్టుకు ముందు నా దగ్గరికొచ్చి, భయంగా ఉంది మేడమ్, రెండు నిమిషాలు బయట కూర్చోవచ్చా అని అడిగింది. అలా ఎప్పుడూ అడగలేదు."